బతికిన ఇగ్వానా ఏది?

పోయిన వేసవి సెలవులకు మా అన్నయ్య కూతురు వచ్చినప్పుడు ఇద్దరం కూర్చుని ‘ప్లానెట్ ఎర్త్ 2’ మొదటి భాగం చూశాం. గాలాపగోస్ దీవుల్లో, ఇసుకలోంచి తొండంత ప్రాణి ఒకటి తల బయటపెడుతుంది. నల్లటి రాళ్ళ సందుల్లోంచి ఒక పాము వస్తుంది, దాని వెనక ఇంకొకటి, ఆ తర్వాత లెక్కపెట్టలేనన్ని. పిల్ల ఇగ్వానా పరుగు అందుకుంటుంది. పాములు చుట్టేస్తాయి. ఎలాగో జారిపోతుంది, మళ్ళీ పరుగు. మా పిల్ల సోఫా మీదికి కాళ్ళు లాక్కుని, దిండు నోటికి అడ్డం పెట్టుకుని, “బాబాయ్, అది బతుకుతుందా? ముందు అది చెప్పు” అంది. 

బతికింది. గండం గడిచాక రిమోట్ లాక్కుని, వెనక్కి తిప్పి మొత్తం మళ్ళీ చూసింది. రెండోసారి భయం లేదు కదా, బుర్ర పనిచేసింది. “బాబాయ్, పాము పక్కన కదలకుండా నిలబడినదీ, చివర్లో రాయెక్కినదీ ఒకటేనా?”

ఆ ప్రశ్నకు జవాబు ఆ భాగం నిర్మాత ఎలిజబెత్ వైట్ స్వయంగా చెప్పారు. ఆ సిరీస్‌ను బీబీసీ 2016 నవంబరులో ప్రసారం చేసింది. మరుసటి ఏడాది లండన్‌లో టీవీ రంగంవాళ్ళ సభ ఒకటి జరిగితే, అక్కడ ఆవిడ దాపరికం లేకుండా చెప్పేశారు: రెండు కెమెరాలతో తీశాం, ఒకటికి మించి ఇగ్వానాల షాట్లు కలిపి ఆ తరుముడు దృశ్యాన్ని కూర్చాం, అని. బ్రిటన్ పత్రికల్లో గోల మొదలైంది. అదే ఏడాది ప్రేక్షకులు ఓట్లేసి ఆ దృశ్యానికి బాఫ్టా అవార్డు కూడా ఇచ్చి ఉన్నారు మరి. ‘మమ్మల్ని మోసం చేశారు’ అన్నవాళ్ళు కొందరు. ‘అయితే ఏమిటట, సినిమా అన్నాక ఎడిటింగ్ ఉండదా’ అన్నవాళ్ళు కొందరు.

నాకు రెండో వైపే మొగ్గు. కాకపోతే ఆ కూర్పు ఎలా జరుగుతుందో తెలియకుండా ఇటువైపు మొగ్గినా, అటువైపు మొగ్గినా గుడ్డిగా మొగ్గినట్టే. అందుకని ఆ ఒక్క దృశ్యాన్నే పట్టుకుని విప్పి చూద్దాం.

ముందు ఆ చోటు. ఫెర్నాండీనా గాలాపగోస్‌లో పడమటి చివర ఉన్న అగ్నిపర్వత ద్వీపం. మనుషులు కాపురముండరు. ఎలుకలూ పిల్లులూ కూడా చేరలేదు. ఒడ్డంతా గడ్డకట్టిన లావా, మధ్యమధ్య ఇసుక. చూడటానికి మన ఉడుములా ఉండే సముద్రపు ఇగ్వానాలు ఇక్కడ వేలల్లో ఉంటాయి. బల్లిజాతి ప్రాణుల్లో సముద్రంలో మునిగి నాచు తిని బతికేవి ఇవొక్కటే. ఆడవి ఇసుకలో గుంత తీసి గుడ్లు పెట్టి పూడ్చేస్తాయి. సుమారు మూడు నెలలకు, జూన్ ప్రాంతంలో, పిల్లలు ఇసుక తోడుకుని బయటికొస్తాయి. పెద్దవి ఉండేది నీటి అంచున రాళ్ళ మీద. ఇసుక నుంచి ఆ రాళ్ళ దాకా పిల్ల ఒంటరిగా వెళ్ళాలి. సరిగ్గా అదే దారిలో రేసర్ పాములు కాచుకుని ఉంటాయి, ఎందుకంటే వాటికి ఏడాది మొత్తంలో ఇంత తిండి దొరికేది ఆ కొద్ది వారాల్లోనే.

ఇందులో సినిమావాళ్ళకు పనికొచ్చే ముడిసరుకు మొత్తం ఉంది. పిల్ల ఎక్కడ బయలుదేరుతుందో తెలుసు, ఎక్కడికి చేరాలో తెలుసు, మధ్యలో అడ్డు ఎవరో తెలుసు. ఏ నెలలో జరుగుతుందో కూడా తెలుసు. వన్యప్రాణి సిరీస్‌లకు కథ ఎడిటింగ్ గదిలో పుడుతుందని చాలామంది అనుకుంటారు గానీ, సగం పుట్టేది ఇదిగో ఇక్కడ, కెమెరా పెట్టెలో ఉండగానే. ఆ దీవుల్లో పనిచేసే పరిశోధకులతో మాట్లాడి, ఏ జంతువు ఏ రోజుల్లో ఏం చేస్తుందో రాసుకుని, దాన్నిబట్టి ఒక స్క్రిప్టు తయారు చేసుకుంటారు. అందులో మాటలుండవు, కావలసిన షాట్ల జాబితా ఉంటుంది: దూరం నుంచి తీరమంతా, ఇసుకలోంచి తల, పాము కన్ను, రాయి సందు, పరుగు, పట్టుబడటం, తప్పించుకోవడం. జంతువు ఆ జాబితా చదవదు కాబట్టి అక్కడికి వెళ్ళాక సగం కొట్టేయాల్సి రావచ్చు. జాబితాలో లేనిది కళ్ళముందు జరగనూ వచ్చు. ఇగ్వానాల విషయంలో మామూలుకు విరుద్ధంగా జరిగింది. కోరుకున్నదానికన్నా ఎక్కువే దొరికింది.

ఇప్పుడు కెమెరామన్ స్థానంలో మనల్ని ఊహించుకుందాం. ఒక పిల్ల బయటికొచ్చింది. అది పరుగు తీసేది కొన్ని క్షణాలు. మన చేతిలో ఉన్నది పొడుగాటి లెన్సు. దాంతో పిల్ల ముఖం నిండుగా పడుతుంది, కానీ ఆ క్షణంలో దానికి రెండడుగుల వెనక ఉన్న పాము ఫ్రేములో ఉండదు. పామును చూపిద్దామని కెమెరా తిప్పితే పిల్ల వెళ్ళిపోతుంది. రెండింటినీ కలిపి పట్టుకోవాలంటే దూరంగా తీయాలి, అప్పుడు రెండూ చీమల్లా కనిపిస్తాయి, ప్రేక్షకుడికి గుండె దడ రాదు. ఒక్క కెమెరా, ఒక్క పిల్ల, ఒక్క పరుగు ఉంటే మనకు దక్కేది ఒకే ఒక్క షాట్. మన సినిమా హీరో అయితే “సార్, ఇంకోసారి పరిగెత్తండి, ఇప్పుడు క్లోజప్” అనొచ్చు. ఇక్కడ ఆ పప్పులుడకవు.

అందుకే రెండో కెమెరా. అందుకే రోజుల తరబడి అదే ఒడ్డున కాపు. ఈ రోజు ఒక పిల్ల పరుగును పక్కనుంచి తీస్తారు. రేపు మరో పిల్ల పరుగును ఎదురుగా నిలబడి తీస్తారు. ఎల్లుండి పిల్లలేవీ రాకపోతే, ఊరికే రాయి మీద పడుకున్న పాము కంటిని తీసి పెట్టుకుంటారు. అలల్ని తీస్తారు, ఎండలో కాగుతున్న ఇసుకను తీస్తారు. వీటిని కటవే షాట్లంటారు. చూసేవాడికి వీటి మీద ధ్యాసే ఉండదు గానీ, ఎడిటర్ బతుకంతా వీటి మీదే ఆధారపడి ఉంటుంది. రెండు పరుగుల మధ్య అతుకు కనిపించకుండా పెట్టే పసరు ఇదే.

కెమెరా ఎక్కడ పెట్టారన్నది ఇంకో సంగతి. 2006లో వచ్చిన మొదటి ‘ప్లానెట్ ఎర్త్’కు పేరు తెచ్చినవి ఆకాశం నుంచి తీసిన షాట్లు. హెలికాప్టర్ అదిరినా బొమ్మ అదరని పరికరం అప్పుడు కొత్త. కరిబూ జింకను తోడేలు తరమడం చాలా ఎత్తునుంచి, జంతువుల్ని బెదరగొట్టకుండా, మొదటి అడుగు నుంచి చివరి దాకా చూపించగలిగారు. అది దేవుడు పైనుంచి చూస్తున్నట్టుంటుంది. పదేళ్ళ తర్వాత పరికరాలు తేలికయ్యాయి. బొమ్మ వణకకుండా కాసే గింబల్ మనిషి చేతిలోకి వచ్చింది. దాంతో రెండో సిరీస్ తీసినవాళ్ళు దృక్పథాన్నే మార్చుకున్నారు: పైనుంచి కాదు, జంతువు కంటి ఎత్తు నుంచి, వీలైతే దాని పక్కనే నడుస్తూ తీయాలి. ఇగ్వానా పిల్ల కన్ను నేలకు బెత్తెడు ఎత్తులో ఉంటుంది. కెమెరా అంత కిందికి దిగితే, మోకాలెత్తు రాయి కొండవుతుంది, వేలెడు లావు పాము రాక్షసవుతుంది. ఇందులో కల్పన ఒక్క చుక్క లేదు. కానీ మన పక్షపాతం ఎటో అప్పుడే తేలిపోయింది. అదే కెమెరాను పాము కంటి ఎత్తులో పెట్టి, ఏడాదంతా ఆకలితో ఉన్న ప్రాణికి ఒక్క పిల్ల కూడా చిక్కని రోజును చూపించి ఉంటే, మా పిల్ల దిండు వెనక నుంచి పాము కోసం మొక్కుకునేది.

మూడోది, కాలాన్ని సాగదీయడం. బ్రిటన్ టీవీలో సెకనుకు 25 బొమ్మలు నడుస్తాయి. సెకనుకు 100 బొమ్మలు తీసి వాటిని 25 చొప్పున వేస్తే, రెండు సెకన్ల పెనుగులాట ఎనిమిది సెకన్లవుతుంది. పాముల చుట్టలోంచి కాలు ఎలా జారింది, తల ఎటు తిరిగింది, ఏ పాము పట్టు సడలింది అనేది కంటికి అందేది అప్పుడే. మామూలు వేగంలో చూస్తే ఇసుకలో ఏదో కదిలినట్టుంటుంది, ఇంకేదో పారిపోయినట్టుంటుంది, అంతే. కాబట్టి స్లో మోషన్ కేవలం సోకు కోసం కాదు, కంటికి ఆనని నిజాన్ని చూపించే కళ్ళద్దం కూడా. అదే సమయంలో అది ఉత్కంఠను పిండే యంత్రం. ఏ షాట్‌లో ఏ పని చేస్తోందో గమనించడం సరదాగా ఉంటుంది.

ఇక ఎడిటింగ్ గది. బ్రిస్టల్‌లో బీబీసీ ప్రకృతి విభాగం ఉంది, ఈ సిరీస్ పుట్టిల్లు అదే. మొత్తం సిరీస్ కోసం 40 దేశాలకు 117 సార్లు వెళ్ళి తీసుకొచ్చిన సరుకు అది. చేతికి వచ్చేది ఆరు భాగాలు. ఒక్కో భాగం 50 నిమిషాలు, పైన ఓ పది నిమిషాలు ‘ఇది ఎలా తీశామంటే’ అనే ముక్క. (ఆ చివరి ముక్క వెనక ఓ వ్యాపార రహస్యం ఉంది. బీబీసీలో ప్రకటనలుండవు కనుక గంట నిండాలి. ప్రకటనలుండే విదేశీ చానళ్ళు ఆ పది నిమిషాలు తీసేసి తమ సబ్బులూ కార్లూ అమ్ముకుంటాయి.)

ఎడిటర్‌ ముందున్న చిక్కు ఇది. మంగళవారం పొద్దున తీసిన పిల్ల, గురువారం మధ్యాహ్నం తీసిన పాము. రెండూ పక్కపక్కన పెడితే ఒకే క్షణంలా ఉండాలి. మొదట చూసేది నీడ. పిల్ల నీడ ఎడమవైపు పొడుగ్గా ఉండి, పాము నీడ పొట్ట కిందే ఉంటే ఆ జంట కుదరదు. తర్వాత దిక్కు. పిల్ల తెర మీద ఎడమ నుంచి కుడికి పరిగెడుతుంటే తరిమే పాము కూడా ఎడమ నుంచి కుడికే రావాలి. కుడి నుంచి వచ్చిందా, అది తరుముతున్నట్టుండదు, ఎదురొస్తున్నట్టుంటుంది. ఆ తర్వాత చూపు. పిల్ల పైకి చూసిన షాట్ తర్వాత, ఎత్తులో ఉన్న పాము షాట్ పెడితే, ‘పిల్ల పామును చూసింది’ అని మన బుర్ర తనంతట తానే వాక్యం పూర్తి చేసుకుంటుంది. నిజానికి ఆ పిల్ల పైకి చూసింది పక్షినేమో. ఎవరికి తెలుసు? మన సినిమాల్లో హీరో చూపు, తర్వాత హీరోయిన్ నవ్వు, రెండూ వేర్వేరు రోజుల్లో తీసినవే అని తెలిసీ మనం ప్రేమ పుట్టిందనుకోమూ. ఇది అదే విద్య.

ఈ దృశ్యంలో అన్నిటికన్నా తెలివైన పని పరుగులో లేదు, పరుగుకు ముందున్న నిశ్చలంలో ఉంది. వరసగా కొన్ని పిల్లలు పాముల పాలవుతాయి. దాంతో తప్పు చేస్తే ఏమవుతుందో మనకు ముందే అర్థమైపోతుంది. ఆ తర్వాత మరో పిల్ల తల బయటపెడుతుంది. పాము దాని పక్కనుంచే పాకుతుంది. అప్పుడు వ్యాఖ్యానం ఒక చిన్న నియమం చెబుతుంది: పాముకు చూపు అంత గొప్పది కాదు, కదలికను మాత్రం పసిగడుతుంది, కాబట్టి కదలకుండా ఉండగలిగితే దాటిపోవచ్చు. ఆ ఒక్క ముక్కతో ఖాళీగా ఉన్న షాట్ నిండిపోయింది. కదలని పిల్ల, కదిలే పాము, ఇంకేమీ జరగదు. అయినా మనం ఊపిరి బిగబడతాం, ఎందుకంటే ఆట నియమం మనకిప్పుడు తెలుసు. నియమం చెప్పకుండా అదే షాట్ చూపిస్తే, ఏమీ జరగట్లేదని ఫోన్ తీసుకుంటాం. మంచి ఎడిటరూ మంచి రచయితా ఒకే గదిలో కూర్చుంటే జరిగేది ఇదీ.

శబ్దం సంగతి చెబితే చాలామంది నొచ్చుకుంటారు. పొడుగాటి లెన్సు దూరాన్ని దగ్గరికి లాగుతుంది గానీ, మైకు అలా లాగలేదు. కెమెరా దగ్గర మైకుకు వినబడేది గాలి హోరు, అలల మోత, కెమెరామన్ దగ్గు. పైగా వేగంగా తీసి నెమ్మదిగా నడిపిన షాట్‌కు పనికొచ్చే శబ్దం ఉండదు. ఉన్నా నాలుగింతలు సాగదీస్తే అది మూలుగులా ఉంటుంది. కాబట్టి ఇగ్వానా పిల్ల కాళ్ళు ఇసుక మీద టపటపలాడటం, పాము రాయి మీద గరగరా పాకడం లాంటివి చాలావరకు తర్వాత స్టూడియోలో చేసినవే. ఈ పనిని ఫోలీ అంటారు. ఒక మనిషి తెర మీద బొమ్మ చూస్తూ ఇసుక ట్రేలో వేళ్ళు ఆడిస్తాడు, తోలుముక్క రాయి మీద లాగుతాడు. ధ్రువపు ఎలుగుబంటి మంచులో నడిచే చప్పుడుకు కస్టర్డ్ పొడి వాడటం ఈ వృత్తిలో పాత చిట్కా. మన వంటింట్లో ఫ్రూట్ సలాడ్ కోసం డబ్బాలో ఉండేదే. మేజోడులో పోసి నొక్కితే మంచు నలిగినట్టు వినిపిస్తుంది.

దాన్ని నేను తప్పుపట్టను. చప్పుడు లేని పరుగును చెవి నమ్మదు. కానీ ఒక మాట ఒప్పుకోవాలి. చప్పుడుతో పాటు బరువు కూడా వస్తుంది. అసలు వినపడీ వినపడనట్టుండే పాకుడు చప్పుడును పది రెట్లు పెంచి, దానికి గరుకుతనం అద్దితే, ఆ పాము అసలుదానికన్నా దుష్టంగా వినిపిస్తుంది. 

సంగీతం ఇంకా నిర్మొహమాటంగా అదే పని చేస్తుంది. ఈ సిరీస్‌కు ముఖ్య బాణీ హాన్స్ జిమ్మర్‌ది. భాగాలన్నిటికీ నేపథ్య సంగీతం చేసినవాళ్ళు జేకబ్ షీ, జాషా క్లేబే. హాలీవుడ్ రీరికార్డింగ్ అలవాటున్న చేతులు. పాములు గుంపుగా వచ్చేటప్పుడు డప్పుల దరువు మొదలై, పరుగుతో పాటు జోరందుకుని, పట్టుబడగానే ఠక్కున ఆగుతుంది. ఆ ఆగడంలోనే పిల్ల పని అయిపోయిందనుకుంటాం. తప్పించుకోగానే మళ్ళీ అందుకుంటుంది. ఇది ప్రతి మాస్ సినిమా క్లైమాక్స్ ఫైట్‌లోనూ మనం విన్నదే. హీరో కిందపడ్డాడు, నిశ్శబ్దం, వేలు కదిలింది, డప్పు. 

చివరికి వచ్చేది గొంతు. డేవిడ్ అటెన్‌బరో 1926లో పుట్టారు. ఈ సిరీస్‌కు మాట ఇచ్చేటప్పటికి ఆయనకు 90 ఏళ్ళు. స్క్రిప్టును నిర్మాతలు రాసి పంపుతారు. ఆయన దాన్ని తన నోటికి తగ్గట్టు దిద్దుకుని, బొమ్మ చూస్తూ చదువుతారు. వ్యాఖ్యానం రాసేవాళ్ళకు మొదటి పాఠం, తెర మీద కనిపించేదాన్ని మాటల్లో చెప్పకూడదని. ‘పిల్ల పరిగెడుతోంది’ అనడం దండగ, అది కనబడుతూనే ఉంది. కనబడనిది చెప్పాలి: ఎందుకు పరిగెడుతోంది, ఎంత దూరం వెళ్ళాలి, పాముకు ఏది కనిపిస్తుంది. పరుగు మొదలయ్యాక నోరు మూసుకోవాలి. ఆ దృశ్యంలో ఉత్కంఠ పతాకస్థాయిలో ఉన్నప్పుడు అటెన్‌బరో దాదాపు ఏమీ మాట్లాడరు. మన క్రికెట్ వ్యాఖ్యాతలకు ఈ టేపు ఎవరైనా పంపితే బాగుండును.

మాట మారితే బొమ్మే మారుతుందనడానికి 2005 నాటి ఫ్రెంచ్ సినిమా ఒకటి గొప్ప ఉదాహరణ. లూక్ జాకే తీసిన చక్రవర్తి పెంగ్విన్ల కథ అది. ఫ్రెంచ్‌లో పెంగ్విన్లే నటీనటుల గొంతులతో, ‘నేను’ అంటూ తమ కథ చెప్పుకుంటాయి. అమెరికాకు వచ్చేసరికి ఆ గొంతులన్నీ తీసేసి మోర్గన్ ఫ్రీమన్‌తో బయటి మనిషిగా చెప్పించారు. ‘మార్చ్ ఆఫ్ ది పెంగ్విన్స్’ పేరుతో ప్రపంచం ఎక్కువగా చూసింది, ఆస్కార్ పొందింది ఆ సినిమానే. మంచు అదే, పెంగ్విన్లు అవే. ఒకచోట అది ప్రేమకథా నాటకం, మరోచోట తాతయ్య చెప్పే విశేషం. మనదాకా వస్తే, అమోఘవర్ష, కల్యాణ్ వర్మ తీసిన ‘వైల్డ్ కర్ణాటక’కు ఇంగ్లీషులో అటెన్‌బరో గొంతు ఇచ్చారు. 2020లో టీవీలో వచ్చినప్పుడు తెలుగులో చెప్పింది ప్రకాశ్ రాజ్. తెరమీద తండ్రిగా, విలన్‌గా పాతికేళ్ళు విన్న గొంతు పులి గురించి చెబుతుంటే మన చెవి ఊరికే ఉంటుందా? పులికి కాస్త ప్రకాశ్ రాజ్ పోలిక వచ్చేస్తుంది.

తెలుగులో ఇంకో ఇబ్బంది కూడా ఉంది. ఇంగ్లీషులో జంతువును ‘హీ’ అనో ‘షీ’ అనో అని, చెప్పకుండానే మనిషిని చేసేస్తారు. మనకు ‘అది’ ఉంది, ఆడదైనా మగదైనా. ‘అది’ అంటే ప్రేమగా వినిపించదేమోనని డబ్బింగ్ రచయితలు ‘ఈ చిట్టితల్లి’, ‘మన బుల్లి వీరుడు’ అని తగిలిస్తుంటారు. నాకు చెవిలో ముల్లు దిగినట్టుంటుంది. ‘అది’ చాలు. మన అమ్మమ్మలు ఆవు గురించి ‘అదీ’ అనే చెప్పేవాళ్ళు, ఆవు మీద ప్రేమేమీ తగ్గలేదు.

ఇప్పుడు మోసం ప్రశ్నకు వద్దాం. పాము ఇగ్వానా పిల్లల్ని తరుముతుంది, కొన్నిటిని పట్టుకుంటుంది, కొన్ని పట్టు విడిపించుకుని బతుకుతాయి. ఇవన్నీ ఆ ఒడ్డున, ఆ జంతువులకు, ఎవరూ పురిగొల్పకుండా జరిగినవే. కుదించినది కాలాన్ని, కలిపింది ప్రాణుల్ని. తెరమీద ఒక పిల్ల కథలా కనిపించేది అక్కడి పిల్లలందరి కథ. ఇది నా లెక్కలో సరే.

దీనికన్నా ఒక మెట్టు దిగితే 2011 నాటి ‘ఫ్రోజెన్ ప్లానెట్’ ఉంది. అదే బీబీసీ, అదే అటెన్‌బరో. ధ్రువపు ఎలుగుబంటి మంచుగుహలో పిల్లల్ని కనే దృశ్యం. తీసింది నెదర్లాండ్స్‌లోని ఓ జంతు ప్రదర్శనశాలలో. అడవిలో అలాంటి గుహలోకి కెమెరా పెడితే తల్లి బెదిరి పిల్లల్ని వదిలేయవచ్చు, చంపనూ వచ్చు, కాబట్టి జూలో తీయడం తప్పేమీ కాదు. ఈ విషయం బీబీసీ తన వెబ్‌సైట్లో దాచుకోకుండా చెప్పింది కూడా. కానీ టీవీలో దానికి ముందు మంచుకొండల షాట్లు వేసి, ఈ మంచు కిందే కొత్త ప్రాణాలు మొదలవుతున్నాయన్న అర్థంలో వ్యాఖ్యానం నడిపి, ఆ వెంటనే జూ గుహకు కట్ చేశారు. మాటల్లో అబద్ధం లేదు. మాటకూ మాటకూ మధ్య పెట్టిన కట్‌లో ఉంది. అదే ఏడాది డిసెంబరులో పత్రికలు ఉతికి ఆరేశాయి. ‘ఇది జూలో తీశాం’ అని ఒక్క వాక్యం అనుంటే సరిపోయేది. అలా అంటే మాయ చెదిరిపోతుందని వాళ్ళ భయం.

అట్టడుగు మెట్టు 1958. డిస్నీ వాళ్ళ ‘వైట్ వైల్డర్‌నెస్’. లెమ్మింగులనే చిన్న ఎలుకజాతి ప్రాణులు గుంపుగా కొండ అంచు నుంచి దూకి ఆత్మహత్య చేసుకుంటాయని అందులో చూపించారు. తీసింది కెనడాలోని అల్బర్టాలో, అక్కడ అవి సహజంగా ఉండనే ఉండవు. వేరేచోటి నుంచి కొనితెచ్చి, మంచు పరిచిన తిరిగే బల్ల మీద పరిగెత్తించి, వలసలా చూపించి, ఆ మీదట అంచు నుంచి కిందికి తోశారు. లెమ్మింగులు ఆత్మహత్య చేసుకోవు. 1982లో కెనడా టీవీ కార్యక్రమం ఒకటి బయటపెట్టేదాకా ఈ సంగతి జనానికి తెలియదు. సినిమాకు అప్పటికే ఉత్తమ డాక్యుమెంటరీగా ఆస్కార్ వచ్చి ఉంది. గుడ్డిగా ఒకరి వెనక ఒకరు పోయే జనాన్ని లెమ్మింగులతో పోల్చడం ఈనాటికీ ఆగలేదు. ఇగ్వానా దృశ్యంలో చేసింది నిజాల్ని కూర్చడం. ఇక్కడ చేసింది, లేని స్వభావాన్ని జంతువుకు అంటగట్టడం. రెండిటికీ ‘మోసం’ అనే ఒకే మాట వాడేవాళ్ళతో నాకు పేచీ అక్కడే.

చూసేవాళ్ళుగా మనం పట్టుకోగలిగినవి కొన్నున్నాయి. ఒకే క్షణాన్ని ఎదురుగానూ వెనకనుంచీ చూపించి, ఏ షాట్‌లోనూ రెండో కెమెరా కనబడలేదంటే, అది రెండు క్షణాల కూర్పు అయ్యుండే అవకాశం ఎక్కువ. తరిమేదీ తరమబడేదీ ఒకే ఫ్రేములో ఉన్న షాట్లు ఎన్నో లెక్కపెట్టండి. కథలో నిఖార్సయిన సాక్ష్యం అవే, మిగతావి ఎడిటర్ మాట. ఇగ్వానా దృశ్యంలో అలాంటివి బాగానే ఉన్నాయి, పాముల చుట్టలోంచి పిల్ల జారిపోయే షాట్ సహా. కలుగులోపలి నుంచో గుడ్డులోపలి నుంచో బొమ్మ కనిపిస్తే, అది సెట్టు వేసి తీసిందేమో అనుకోవడంలో తప్పులేదు. 

మా పిల్లకు ఇదంతా చెప్పాక ఏమైనా నిరాశపడుతుందేమో అనుకున్నాను. మూడోసారి పెట్టి, ఈసారి టీవీ మ్యూట్ చేసింది. డప్పులు లేవు, అటెన్‌బరో లేరు, కాళ్ళ చప్పుడు లేదు. కాసేపు చూసి, “పాములు ఇంత నెమ్మదిగా పాకుతాయా బాబాయ్?” అంది. స్లో మోషన్ షాట్ అది. ఆ తర్వాత, “ఎన్నిటికి తిండి దొరకలేదో చూశావా” అని పాముల్ని లెక్కపెట్టడం మొదలుపెట్టింది. మీ ఇంట్లోనూ ఒకసారి మ్యూట్ చేసి చూడండి. ముందు మామూలుగా చూశాకే సుమా.